24 కోట్ల రికార్డుల్లో 834 తేడాలు: రెండు రెప్లికాలను హాష్ బకెట్లతో పోల్చిన ఒక కేస్ స్టడీ

విశాఖపట్నం ఓడరేవు మీదుగా వచ్చిపోయే కంటైనర్ల కదలికలను నమోదు చేసే ఒక సంస్థకు మా బృందం రుషికొండ నుంచి డేటాబేస్ పనులు చూస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకిన రోజులు గుర్తున్నవారు, ఉన్న డేటా అంతా తీరంలోనే ఉంచడానికి ఇష్టపడరు. అందుకే ప్రైమరీ డేటాబేస్ విశాఖలోనూ, దాని రెప్లికా హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. రెండూ పోస్ట్‌గ్రెస్‌లోనే నడుస్తాయి, రెండింటి మధ్య లాజికల్ రెప్లికేషన్ ఉంది. బిల్లింగ్ విభాగం తన రిపోర్టులన్నీ హైదరాబాద్ కాపీ నుంచే తీసుకుంటుంది.

ఒకరోజు అక్కడి లెక్కల విభాగం నుంచి ఫోన్ వచ్చింది. "ఆ ఓడ వెళ్లిపోయి వారమైందండీ, కానీ మా కాపీలో దాని కంటైనర్లు కొన్ని ఇంకా యార్డులోనే ఉన్నట్టు చూపిస్తోంది" అని చెప్పారు. వారు చెప్పిన ఒక కంటైనర్ నంబరు రెండు చోట్లా చూశాము. విశాఖలో అది బయటకు వెళ్లినట్టు, హైదరాబాద్‌లో యార్డులో ఉన్నట్టు ఉంది. రెప్లికేషన్ మాత్రం ఏ లోపమూ చూపకుండా నడుస్తోంది, ఆలస్యం కొన్ని సెకన్లే. అంటే తేడా ఉందన్నది ఖాయమైంది, ఎక్కడెక్కడ ఉందో ఎంత ఉందో మాత్రం తెలియదు. ఇక్కడ మొదలైన వెతుకులాటే ఈ వ్యాసం.

ముందున్న దారులు

కదలికల టేబుల్ పేరు `moves`. అందులో సుమారు 24 కోట్ల రికార్డులు, ఒక్కొక్కటి సగటున 200 బైట్లు, మొత్తం 48 జీబీ. రెండు ఊళ్ల మధ్య మాకు దక్కే లింకు సెకనుకు 20 మెగాబిట్లు. టేబుల్ మొత్తాన్ని మళ్లీ పంపాలంటే ఆ లింకును పూర్తిగా మేమే వాడుకున్నా 5 గంటల 20 నిమిషాలు పడుతుంది, అంతసేపు రెప్లికేషన్‌కే దారి ఉండదు. పైగా కొత్త కాపీ వేస్తే తేడా ఎందుకు వచ్చిందో చెప్పే ఆనవాళ్లు చెరిగిపోతాయి. నా దృష్టిలో అదే పెద్ద నష్టం.

రికార్డుల సంఖ్యను పోల్చి చూశాము. తేడా పదుల్లో కనిపించింది, కానీ లెక్కపెట్టిన ప్రతిసారీ మారింది, ఎందుకంటే రెప్లికా ఎప్పుడూ కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. నిజంగా లేని ఐదు రికార్డులు ఆ ఆలస్యపు మరుగున దాక్కున్నాయని తర్వాత గానీ తెలియలేదు. ఇక పాత విలువతో మిగిలిపోయిన రికార్డులను సంఖ్య ఎలాగూ పట్టించదు.

ప్రతి రికార్డుకూ హాష్ తీసి, హాష్‌లను మాత్రమే పంపి పోల్చడం మరో దారి. 8 బైట్ల ఐడీ, 16 బైట్ల హాష్ కలిపి రికార్డుకు 24 బైట్లు, మొత్తం 5.76 జీబీ, లింకు మీద 38 నిమిషాలు. ఇది చేయదగిన పనే, కానీ రెండు కాపీలూ దాదాపు ఒకటేనని ముందే తెలిసినప్పుడు అంత పంపడం దండగ. వరుసగా ఉన్న రికార్డులను ఒక గుంపు చేసి గుంపుకొక హాష్, ఆ గుంపులను కలిపిన పెద్ద గుంపుకొక హాష్ తీస్తే, సరిపోయిన పెద్ద గుంపు లోపలికి చూడవలసిన అవసరమే ఉండదు. రాల్ఫ్ మెర్కిల్ 1979లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన హాష్ చెట్టు ఆలోచన ఇదే. 2007లో వెలువడిన అమెజాన్ డైనమో పత్రంలోనూ రెప్లికాల మధ్య తేడాలు పట్టడానికి దీన్నే వాడారు.

చెట్టు ఎంత ఎత్తు ఉండాలి

పుస్తకాల్లో ఈ చెట్టును ప్రతి కొమ్మా రెండుగా చీలేటట్టు గీస్తారు. 24 కోట్ల రికార్డులకు అలా కడితే 28 మెట్లు దిగాలి, మెట్టు మెట్టుకూ రెండు ఊళ్ల మధ్య ఒక ప్రశ్న, ఒక జవాబు. మాకు అంత సన్నటి చీలికలు అక్కరలేదు. ఒక్కో మెట్టులో కొన్ని వందల హాష్‌లను ఒకేసారి పంపడం ఆ లింకుకు కూడా లెక్కలోనిది కాదు. కాబట్టి కొమ్మ 256గా చీలే పొట్టి చెట్టును ఎంచుకున్నాము. ఐడీని 8 బిట్లు కుడికి జరిపితే చిన్న బకెట్, అంటే ఆకు, వస్తుంది. అందులో గరిష్ఠంగా 256 రికార్డులుంటాయి. 16 బిట్లు జరిపితే పెద్ద బకెట్ వస్తుంది. అందులో 256 ఆకులు, అంటే 65,536 ఐడీలు ఇముడుతాయి. మొత్తం మీద 9,37,500 ఆకులు, 3,663 పెద్ద బకెట్లు తేలాయి.

ఆకు పరిమాణం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతిలో ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అపాచీ కసాండ్రాలో రిపేర్ పని ఇదే చెట్టుతో జరుగుతుంది, అక్కడ చాలాకాలం చెట్టుకు 32,768 ఆకులే ఉండేవి. ఆకులో ఒక్క రికార్డు తేడాగా ఉన్నా ఆ ఆకు పరిధి మొత్తం అవతలి నోడ్‌కు ప్రయాణిస్తుంది. మా టేబుల్‌ను అన్ని ఆకులుగానే విడగొట్టి ఉంటే ఆకుకు 7,324 రికార్డులు పడేవి. ఒక్క రికార్డు కోసం అన్నింటిని కదిలించాలి. ఆకు చిన్నదైతే హాష్‌ల పట్టిక పెరుగుతుంది, పెద్దదైతే తేడా దొరికాక మోయవలసిన బరువు పెరుగుతుంది. 256 దగ్గర మా హాష్‌ల పట్టిక ఆకుకు 32 బైట్ల చొప్పున 30 ఎంబీకి మించలేదు.

ఇంకొకటి. ఈ చెట్టు ఆదా చేసేది లింకును మాత్రమే, డిస్కును కాదు. ఆకుల హాష్‌లు తీయడానికి రెండు వైపులా మొత్తం టేబుల్‌ను ఒకసారి చదవక తప్పదు. అందుకే పై మెట్టును విడిగా, కింది మెట్టును విడిగా లెక్కించకుండా, ఒక్క చదువుతో ఆకుల హాష్‌లను ఒక టేబుల్‌లో నిల్వ చేసి, పై మెట్టును ఆ నిల్వ నుంచి కట్టాము. ఇలా చేయకపోతే ప్రతి మెట్టులోనూ అదే డేటాను మళ్లీ చదవవలసి వస్తుంది.

హాష్ తీసిన తీరు

```sql
SET TimeZone = 'UTC';
SET DateStyle = 'ISO, YMD';

INSERT INTO leaf_hash (leaf, n, h)
SELECT id >> 8, count(*),
       md5(string_agg(
         md5(ROW(id, box_no, status,
                 slot, moved_at)::text),
         '' ORDER BY id))::uuid
FROM moves
WHERE id >= :lo AND id < :lo + 65536
GROUP BY id >> 8;
```

ఈ చిన్న ప్రశ్న వెనక మూడు తప్పుల చరిత్ర ఉంది, మూడూ మేము చేసినవే.

మొదట `WHERE` లేకుండా టేబుల్ మొత్తానికి ఒకేసారి నడిపాము. ఐడీ పెరిగితే `id >> 8` కూడా పెరుగుతుందని మనకు తెలుసు, ప్లానర్‌కు తెలియదు. అది 24 కోట్ల రికార్డులను డిస్కు మీద సార్ట్ చేయడానికి కూర్చుంది. పైగా అంతసేపు తెరిచి ఉన్న స్నాప్‌షాట్ వల్ల వాక్యూమ్ చనిపోయిన రికార్డులను తొలగించలేకపోయింది. దాన్ని ఆపి, ఒక్కో పెద్ద బకెట్‌కు ఒక్కోసారి నడిపాము. 65,536 రికార్డుల సార్ట్ మెమరీలోనే ముగుస్తుంది, మధ్యమధ్య విరామం ఇచ్చుకోవచ్చు, ఆగిపోతే ఆగిన చోటు నుంచి సాగించవచ్చు. ముక్కకు సుమారు 1.1 సెకను చొప్పున 3,663 ముక్కలూ 67 నిమిషాల్లో పూర్తయ్యాయి. రెండు వైపులా ఒకేసారి నడిచాయి.

రెండవ తప్పు రికార్డును పాఠ్యంగా మార్చడంలో జరిగింది. మా బృందంలో ఒకరు `concat_ws` తో కాలమ్‌లను కలిపారు. ఆ ఫంక్షన్ నల్ విలువను దాటిపోతుంది. కాబట్టి ఒకచోట `slot` నల్‌గా ఉండి `status` నిండి ఉన్న రికార్డు, మరోచోట అదే విలువ `slot` లో ఉండి `status` నల్‌గా ఉన్న రికార్డు, రెండూ ఒకే పాఠ్యమవుతాయి, హాష్‌లు సరిపోతాయి, తేడా కనబడదు. `ROW(...)::text` అయితే నల్‌కు ఖాళీ చోటు వదులుతుంది, ఖాళీ స్ట్రింగ్‌కు కోట్‌లు పెడుతుంది, కాబట్టి రెండూ వేరువేరుగానే మిగులుతాయి. కాలమ్‌ల పేర్లు ఒక్కొక్కటిగా రాయడానికీ కారణముంది. లాజికల్ రెప్లికేషన్ కాలమ్‌లను పేరుతో జతపరుస్తుంది, వరుసతో కాదు. రెండు వైపులా కాలమ్‌ల క్రమం వేరుగా ఉండవచ్చు, అప్పుడు `moves.*` తీసుకుంటే ఒకే డేటాకు రెండు హాష్‌లు వస్తాయి.

మూడవది మమ్మల్ని కాసేపు నిజంగా భయపెట్టింది. మొదటి పోలికలో 3,663 పెద్ద బకెట్లకు 3,663 తేడాగా వచ్చాయి. డేటా అంతా పాడైందేమోనని ఒక క్షణం అనిపించినా, ఆలోచిస్తే అది సాధ్యం కాదు. నిజమైన తేడాలు గుంపులుగా అక్కడక్కడా ఉంటాయి. అన్ని బకెట్లూ ఒక్కసారిగా తేడా చూపితే తప్పు డేటాలో కాదు, హాష్ తీసే పద్ధతిలో ఉంటుంది. ఒక్క రికార్డు పాఠ్యాన్ని రెండు చోట్లా పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోయింది. విశాఖ సర్వర్ టైమ్‌జోన్ `Asia/Kolkata`, హైదరాబాద్ సర్వర్‌ది `UTC`. అదే క్షణం ఒకచోట +05:30తో, మరోచోట +00తో అచ్చవుతోంది. పై రెండు `SET` లైన్లు అప్పుడు చేరినవే.

హాష్ ఫంక్షన్‌గా `md5` ఎంచుకోవడానికి కారణం స్థిరత్వం. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకా వేగమైన అంతర్గత హాష్‌లు ఉన్నాయి, కానీ వాటి ఫలితం ఒక పెద్ద వెర్షన్ నుంచి మరోదానికి మారదన్న హామీ లేదు. రెప్లికాను ముందుగా అప్‌గ్రేడ్ చేసే అలవాటున్న మాకు ఆ హామీ అవసరం. మోసగాడి నుంచి రక్షణ ఇక్కడ ప్రశ్న కాదు కాబట్టి `md5` కున్న ప్రసిద్ధ బలహీనత ఈ పనికి అడ్డు రాదు. చివర `uuid` గా మార్చడం వల్ల 32 అక్షరాలకు బదులు 16 బైట్లే నిల్వ అవుతాయి.

దిగుతూ వెళ్లడం

పై మెట్టు కట్టేటప్పుడు ఆకు సంఖ్యను కూడా హాష్‌లో కలిపాము, లేకపోతే ఏ ఆకు లోపించిందో ఆ స్థానం సమాచారం పోతుంది. తర్వాత హైదరాబాద్ పై మెట్టును విశాఖకు తెచ్చుకుని పోల్చాము.

```sql
SELECT bucket
FROM top_vizag a
FULL JOIN top_hyd b USING (bucket)
WHERE a.h IS DISTINCT FROM b.h;
```

ఇక్కడ `FULL JOIN` కు బదులు మామూలు జాయిన్ రాస్తే, ఒకవైపు పూర్తిగా లేని బకెట్ ఫలితంలో కనిపించదు. అన్నింటికంటే పెద్ద తేడా నిశ్శబ్దంగా జారిపోతుంది.

మొత్తం మూడు ప్రయాణాలు. మొదటిదానిలో 3,663 హాష్‌లు వచ్చాయి, 117 కేబీ. తొమ్మిది పెద్ద బకెట్లు తేడా చూపాయి. రెండవదానిలో ఆ తొమ్మిదింటి లోపలి 2,304 ఆకుల హాష్‌లు, 74 కేబీ. 41 ఆకులు తేడా చూపాయి. మూడవదానిలో ఆ 41 ఆకుల్లోని 10,496 రికార్డుల హాష్‌లు, 252 కేబీ. లింకు మీద నడిచినది మొత్తం 443 కేబీ.

అయితే ఈ 41 ఆకులన్నీ నిజమైన తేడాలు కావు. రెండు సర్వర్లూ ఒక బకెట్‌ను సరిగ్గా ఒకే క్షణంలో చదవవు, ఆలోపు విశాఖలో ఒక కంటైనర్ కదిలి ఉండవచ్చు. రాతలను ఆపి పోల్చమని కొందరు సలహా ఇస్తారు, కానీ ఇరవై నాలుగు గంటలూ పని జరిగే యార్డులో అది కుదరదు. మేము పెట్టుకున్న నియమం ఇది: తేడాగా వచ్చిన రికార్డుల హాష్‌లను రెండు వైపులా దాచి, ప్రైమరీలో రాతల లాగ్ అప్పటికి ఎంతదాకా వచ్చిందో చెప్పే `pg_current_wal_lsn()` విలువ రాసుకుని, రెప్లికా ఎంతదాకా అమలు చేసిందో చెప్పే `pg_stat_replication` లోని `replay_lsn` ఆ విలువను దాటేదాకా ఆగి, ఆ రికార్డులనే మళ్లీ చదవాలి. విశాఖలో హాష్ మొదటిసారి లాగానే ఉండి, హైదరాబాద్‌లో ఇంకా దానితో సరిపోకపోతే అది నిజమైన తేడా. విశాఖ హాష్ ఈలోపు మారి ఉంటే దాని గురించి ఏమీ తేల్చకుండా మరో విడతకు వదలాలి. రెండు విడతల్లో నాలుగు పెద్ద బకెట్లు వాటంతటవే సరిపోయాయి. మిగిలినవి ఐదు పెద్ద బకెట్లు, 27 ఆకులు, 834 రికార్డులు.

ఆ 834 రికార్డులు 27 ఆకుల్లోనే పోగుపడటం మాకు కలిసొచ్చింది. ఒక ఓడకు చెందిన కంటైనర్ల జాబితా కొద్ది రోజుల వ్యవధిలో నమోదవుతుంది, వాటి ఐడీలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఐడీ వరుసకు బదులు ఐడీ హాష్‌ను బట్టి బకెట్లు చేసి ఉంటే అవే 834 రికార్డులు సుమారు 746 పెద్ద బకెట్లకు, దాదాపు 834 ఆకులకు చెదిరిపోయేవి, 2 లక్షలకు పైగా రికార్డుల హాష్‌లు అడగవలసి వచ్చేది. లింకు దాన్ని మోయగలదు, కానీ ఒక ఆకులోని రికార్డులు టేబుల్ అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి, బకెట్ సంఖ్య మీద ప్రత్యేక ఇండెక్స్ లేనిదే ప్రతి ఆకుకూ టేబుల్ అంతా గాలించాలి. కీలు యాదృచ్ఛిక యూయూఐడీలైతే మాత్రం వరుస వల్ల ఈ లాభం ఉండదు, అప్పుడు హాష్ బకెట్లే నయం.

తేడా ఎలా వచ్చింది

ఏ రికార్డులో తేడా ఉందో తెలిశాక కారణం వెతకడం సులువైంది. 834లో 828 రికార్డులు హైదరాబాద్‌లో పాత విలువతో ఉన్నాయి, ఐదు అక్కడ లేనే లేవు, మిగిలిన ఒక్కటీ రెండు చోట్లా ఉన్నా విలువలు వేరు. విశాఖలో 828 రికార్డుల మార్పు సమయమూ, ఐదింటి నమోదు సమయమూ ఒకే ట్రాన్సాక్షన్‌ను చూపాయి. ఒక ఓడ పనిని ముగించిన ట్రాన్సాక్షన్ అది.

రెప్లికా లాగ్ మిగతాది చెప్పింది. రద్దీగా ఉన్న రోజు రెప్లికా బాగా వెనకబడింది. రిపోర్టు తొందరలో ఎవరో ఒక రికార్డును అదే ఐడీతో హైదరాబాద్ టేబుల్‌లో చేతితో చేర్చారు. తర్వాత అసలు ట్రాన్సాక్షన్ అక్కడికి చేరినప్పుడు ప్రైమరీ కీ ఘర్షణతో రెప్లికేషన్ నిలిచిపోయింది. రాత్రి విధుల్లో ఉన్నవారు దాన్ని `ALTER SUBSCRIPTION ... SKIP` తో ముందుకు నడిపారు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి ఉన్న ఈ ఆదేశం ఘర్షణ పడ్డ ఒక్క రికార్డును కాదు, ఆ ట్రాన్సాక్షన్ మొత్తాన్ని వదిలేస్తుంది. ఆ ట్రాన్సాక్షన్‌లో ఆరు కొత్త రికార్డులు, 1,140 మార్పులు ఉన్నాయి.

1,140 మార్పులు పోతే 828 మాత్రమే తేడాగా ఎందుకు దొరికాయి? మిగతా 312 కంటైనర్లు ఆ తర్వాత మళ్లీ కదిలాయి. లాజికల్ రెప్లికేషన్‌లో ఒక మార్పు వచ్చినప్పుడు రికార్డు కొత్త రూపం మొత్తం వస్తుంది కాబట్టి అవి వాటంతటవే సరైపోయాయి. లోపించిన ఐదింటికి ఆ అదృష్టం లేదు. రెప్లికాలో లేని రికార్డుకు మార్పు వస్తే అది లోపం చూపకుండా దాటిపోతుంది.

సరిచేయడం, ఆ తర్వాత

విశాఖ విలువలను నేరుగా హైదరాబాద్‌లో రాస్తే, మనం రాసే లోపు వచ్చిన కొత్త మార్పును పాత విలువతో తుడిచేసే ప్రమాదముంది. అందుకే విశాఖలోనే ఆ 828 రికార్డుల మీద `UPDATE moves SET status = status` నడిపాము. విలువ మారకపోయినా రికార్డు పూర్తి రూపం రెప్లికేషన్ దారిలో, దాని వరుసలో, హైదరాబాద్ చేరుతుంది. పెద్ద పాఠ్యాలను పక్కన దాచే టోస్ట్ కాలమ్‌లున్న టేబుల్‌లో ఇది సరిపోదు, ఎందుకంటే మారని టోస్ట్ విలువలు ప్రయాణించవు. మా రికార్డులు చిన్నవి. లోపించిన ఐదింటిని ముందు హైదరాబాద్‌లో చేర్చి, తర్వాత వాటి మీద విశాఖలో అదే ఆదేశం నడిపాము. ఐదు పెద్ద బకెట్లకే హాష్ మళ్లీ తీస్తే సరిపోయాయి.

చేతితో చేర్చిన ఆ ఒక్క రికార్డును మాత్రం ఆపి ఉంచాము. హాష్ రెండూ ఒకటి కావని చెబుతుంది, ఏది నిజమో చెప్పదు. యార్డు వారిని అడిగితే, కంటైనర్ నిలిపిన చోటు హైదరాబాద్ రికార్డులో ఉన్నదే సరైనదని తేలింది. విశాఖలో నమోదు తప్పింది. సవరణను విశాఖలో చేయించాము, అది అక్కడి నుంచి హైదరాబాద్‌కు వెళ్లింది.

ఇప్పుడు ఈ పోలిక ప్రతి రాత్రీ నడుస్తుంది. ప్రైమరీలో మారిన బకెట్లకు మాత్రమే హాష్ తీద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది, నేను ఒప్పుకోలేదు. తేడా పుట్టింది రెప్లికాలో. ప్రైమరీలో ఏమీ కదలని పాత బకెట్‌ను కూడా అక్కడ ఎవరైనా మార్చవచ్చు, నిల్వ ఉన్న హాష్ అది తీసిన నాటి స్థితినే చెబుతుంది. కాబట్టి రాత్రికి అయిదు నెలల పైచిలుకు కదలికలుండే చివరి 200 పెద్ద బకెట్లు, మిగిలిన పాతవాటిలో ముప్పయ్యో వంతు, అంటే 115, రెండు వైపులా కొత్తగా చదువుతాము. ఆరు నిమిషాల పని. రెప్లికాలో రాసే అనుమతిని రిపోర్టుల ఖాతాల నుంచి తీసేశాము. పాత బకెట్‌లో తేడా పుడితే అది నెల రోజుల దాకా దాగి ఉండవచ్చు. బిల్లింగ్ రిపోర్టులు అయిదు నెలల వెనక్కు చూడవు కాబట్టి ఆ మేరకు ఒప్పుకున్నాము.